బాండులో రాసిన అంకె, బిల్లులో ఉన్న అంకె



సార్ పేరు నా వెనక బ్యానరు మీద పెద్ద అక్షరాల్లో ఉంది. ఆయన ఆఫీసులో పదకొండేళ్లు పనిచేశాను. ఒక్కసారి కూడా ఆ పేరు నా నోట రాలేదు, ‘సార్’ అనే పిలిచాను. ఇవాళ కూడా అలాగే అంటాను, ఏమీ అనుకోకండి.

విషయం మీ ఇష్టం అన్నారు నిర్వాహకులు. ఉద్యోగ ఒప్పందాల్లో రెండు షరతుల గురించి మాట్లాడదామనుకున్నాను. శిక్షణ ఇచ్చాం కాబట్టి మధ్యలో మానేస్తే ఇంత కట్టాలన్నది మొదటిది. చేరేటప్పుడు ఇచ్చిన బోనస్ వెనక్కి ఇవ్వాలన్నది రెండోది. మొదటిదాన్ని మన పిల్లలు ‘బాండ్’ అంటారు, రెండోదాన్ని ‘క్లాబ్యాక్’ అంటారు. హైదరాబాదులో ఈ రెండూ లేని ఆఫర్ లెటర్ ఈమధ్య నాకు అరుదుగా కనిపిస్తోంది.

సార్ దగ్గర చేరిన కొత్తలో నేను చూసిన మొదటి దావా ఇదే. సిటీ సివిల్ కోర్టు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాది. ఇరవై మూడేళ్ల కుర్రాడు మొదటి ప్రతివాది. ష్యూరిటీ సంతకం పెట్టిన పాపానికి వాళ్ల నాన్న రెండో ప్రతివాది, ఆర్టీసీ డ్రైవరు. బాండు లక్షన్నరకు. కుర్రాడు తొమ్మిది నెలలకే మానేశాడు. కంపెనీ తరఫున హెచ్‌ఆర్ ఆఫీసరు బోనెక్కి శిక్షణ ఖర్చుల పట్టిక దాఖలు చేశాడు. హాలు అద్దె, ప్రొజెక్టరు, ట్రైనరు ఫీజు, టీ, ఫలహారాలు. మొత్తం సరిగ్గా లక్షన్నర.

సార్ లేచి, “హాలు ఎక్కడండీ?” అని అడిగారు.

“మా ఆఫీసులోనే, నాలుగో అంతస్తు.”

“అద్దె ఎవరికి కట్టారు?”

జవాబు లేదు. ట్రైనరు ఎవరని అడిగితే తమ టీమ్ లీడే అన్నాడు. ఆ నెలల్లో ఆయనకు జీతం కాక వేరే ఏమైనా ఇచ్చారా అంటే లేదన్నాడు. “క్లాసులో ఎంతమంది?” “ముప్ఫై రెండు మందండీ.” “ఈ లక్షన్నర ముప్ఫై రెండు మందికా, మా వాడొక్కడికా?” ఆయన తన వకీలు వైపు చూశాడు. సార్ కూర్చుంటూ, “టీ ఖర్చు ఒప్పుకుంటాం, మిగతావాటికి బిల్లులు చూపించమనండి” అన్నారు. జడ్జిగారు కూడా నవ్వారు.

ఆ దావా ఏమైందో చివర్లో చెబుతాను. సార్ ఆ రోజు అడిగిన ప్రశ్నలన్నిటికీ మూలం 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షను. ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని అందులో ముందే ఒక అంకె రాసుకున్నారనుకోండి. తప్పినప్పుడు కోర్టు ఆ అంకె మొత్తాన్నీ ఇప్పించాలని ఆ సెక్షను చెప్పదు. ఆ అంకెకు మించకుండా, సబబైన పరిహారం ఇప్పించమంటుంది. అంటే బాండులో రాసిన లక్షన్నర బాకీ కాదు, పైకప్పు. దాని కింద ఎంత ఎత్తులో నిలబడాలో వేరే తేలాలి. 1963లో ఫతే చంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. 2015లో కైలాష్‌నాథ్ కేసులో ఇంకొంచెం విడమరిచింది. నష్టం లెక్కగట్టగలిగినదైతే లెక్క చూపించాలి. లెక్కగట్టడం నిజంగా కష్టమైనప్పుడే, అదీ రాసుకున్న అంకె సబబైన ముందస్తు అంచనా అయితేనే, కోర్టు దాని వైపు చూస్తుంది.

శిక్షణ ఖర్చు లెక్కగట్టలేనిదా? బయటి సంస్థకు ఫీజు కడితే ఇన్‌వాయిస్ ఉంటుంది. విమానం ఎక్కిస్తే టికెట్ ఉంటుంది. సొంత అంతస్తులో సొంత ఉద్యోగితో పాఠం చెప్పిస్తే కొత్తగా జేబులోంచి పోయింది ఏమీ ఉండదు. అందుకే సార్ హాలు దగ్గర మొదలుపెట్టారు.

ఈ లెక్క చక్కగా కనిపించే తీర్పు ఒకటుంది, 2011లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన సిక్పా ఇండియా కేసు. బాండు మూడేళ్లకు, రెండు లక్షలకు. ఉద్యోగి రెండేళ్లు పనిచేసి వెళ్లిపోయాడు. శిక్షణకు కంపెనీ ఖర్చు చేసిందని తేలింది 67,595 రూపాయలు. మూడేళ్లలో రెండేళ్లు పనిచేశాడు కాబట్టి మూడింట రెండు వంతుల ఫలితం కంపెనీకి దక్కినట్టే. మిగిలింది మూడో వంతు. కింది కోర్టు 22,532 రూపాయలు ఇప్పించింది, హైకోర్టు దాన్ని మార్చలేదు. రెండు లక్షలు ఎక్కడ, ఇరవై రెండు వేలు ఎక్కడ! నా దగ్గరికి బాండు పట్టుకొచ్చే పిల్లలకు ముందు ఈ లెక్కే చెబుతాను.

చెప్పిన వెంటనే మరో మాట కూడా చెప్పాల్సి వస్తోంది. వాళ్లలో సగం మంది “సార్, బాండ్లు చెల్లవట కదా” అంటూ వస్తారు. చెల్లుతాయి. ఉద్యోగం మానేశాక ఫలానా చోట చేరకూడదనే షరతు వేరు. దాన్ని 27వ సెక్షను సాధారణంగా కొట్టేస్తుంది. ఉద్యోగ కాలంలో ఇన్నాళ్లు ఉండాలనే షరతు వేరు. అది ఆ సెక్షను కిందికి రాదని 1967లోనే సెంచరీ స్పిన్నింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఉండమని బలవంతంగా కూర్చోబెట్టి పని చేయించుకోవడం మాత్రం ఏ కోర్టూ చేయదు. డబ్బు దగ్గరే వ్యవహారం.

2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. దీన్ని కంపెనీల లాయర్లు ఇప్పుడు ప్రతి నోటీసులోనూ ఉదహరిస్తున్నారు కాబట్టి కాస్త నెమ్మదిగా చూడాలి. ఆ బ్యాంకు బహిరంగ ప్రకటన ఇచ్చి అధికారుల్ని నియమించింది. మూడేళ్ల లోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలని నోటిఫికేషన్లోనే ఉంది, నియామక పత్రంలోనూ ఉంది. ఒక సీనియర్ మేనేజరు 2007 సెప్టెంబరులో చేరి 2009 జూలైలో ఇంకో బ్యాంకుకు వెళ్లడానికి రాజీనామా చేశారు. అభ్యంతరం తెలుపుతూనే రెండు లక్షలు కట్టి, కోర్టుకు వెళ్లారు. కర్ణాటక హైకోర్టులో గెలిచారు. సుప్రీంకోర్టులో బ్యాంకు గెలిచింది.

చూడండి, ఆయన దాదాపు ఇరవై రెండు నెలలు పనిచేశారు. సిక్పా లెక్క వేస్తే రెండు లక్షల్లో ఓ డెబ్భై ఎనభై వేలు మిగలాలి. అలాంటి వాటా లెక్క అక్కడ జరగలేదు. ఎందుకు? అది శిక్షణ ఖర్చు వసూలు కాదు. ప్రభుత్వరంగ బ్యాంకు ఎవరినో పిలిచి కుర్చీలో కూర్చోబెట్టలేదు. రాజ్యాంగం ప్రకారం అందరికీ అవకాశం ఇచ్చి, ప్రకటన వేసి, పరీక్ష పెట్టి ఎంపిక చేయాలి. అకస్మాత్తుగా ఒకరు వెళ్లిపోతే మళ్లీ అదంతా మొదటినుంచీ చేయాలి. ఆ భారానికీ, ఆ హోదాలో ఆయన జీతానికీ రెండు లక్షలు ఎక్కువ కాదని కోర్టు అనుకుంది. అదే తీర్పులో ఇంకో మాట ఉంది, నోటీసుల్లో దాన్ని ఎవరూ ఉదహరించరు. ముద్రించిన ఫారంలో సంతకం తప్ప మార్గం లేని ఉద్యోగి బలహీనపక్షమని, ఆ షరతు న్యాయమైనదని చూపించే భారం యజమాని మీదే ఉందని.

కాబట్టి ఒక ప్రైవేటు కంపెనీ కాలేజీ క్యాంపస్‌లో ఒక్క పూటలో ఎంపిక చేసిన ఫ్రెషర్ దగ్గర ఈ తీర్పు పట్టుకుని మొత్తం బాండు అడిగితే, ‘మీరు చేసిన ఎంపిక ఏమిటి, ఖర్చు ఎంత’ అనే ప్రశ్న నా దృష్టిలో ఇంకా బతికే ఉంది. మీలో కొందరికి ఇది నచ్చకపోవచ్చు. సార్ కూడా వాదించేవారేమో.

ఇప్పుడొక లెక్క వేద్దాం. నరసరావుపేట నుంచి ఒక అమ్మాయి చిప్ డిజైన్ కంపెనీలో చేరిందనుకుందాం. బాండు రెండేళ్లు, మూడు లక్షలు. చేరినప్పుడు 1,20,000 బోనస్, పద్దెనిమిది నెలల లోపు మానేస్తే తిరిగి ఇవ్వాలి. పదిహేను నెలలకు రాజీనామా చేసి, నోటీసు పీరియడ్ ఆ పదిహేను నెలల్లోనే పూర్తి చేసింది. కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది: నాలుగు లక్షల ఇరవై వేలు కడితేనే రిలీవింగ్ లెటరు.

మొదట రాయాల్సింది ఖర్చుల వివరాలు పంపమనే ఉత్తరం. రెండుసార్లు అడిగాక వచ్చాయనుకుందాం. బయటి సంస్థలో ఎనిమిది వారాల కోర్సుకు ఆమె తరఫున కట్టిన ఫీజు 96,000, ఇన్‌వాయిస్ ఉంది. మూడు నెలల స్టైపెండ్ 75,000. మిగతాదంతా ‘అంతర్గత శిక్షణ’ అనే ఒక్క వరుస. స్టైపెండు దగ్గర తగాదా ఉంటుంది. ఆ మూడు నెలల్లో ఆమె చేత ప్రాజెక్టు టెస్టింగ్ చేయించినట్టు ఒక్క టికెట్ నంబరైనా దొరికితే, అది పనికి ఇచ్చిన డబ్బు, శిక్షణ ఖర్చు కాదు. అందుకే పిల్లలకు చెబుతుంటాను, కంపెనీ రహస్యాలు ఎత్తుకురావద్దు గానీ మీ పని తేదీలు మాత్రం డైరీలో రాసుకోండని. ఈ అమ్మాయి రాసుకుంది. అయితే మిగిలింది 96,000. ఇరవై నాలుగు నెలల్లో తొమ్మిది నెలలు బాకీ. ముప్ఫై ఆరు వేలు. శిక్షణ కింద నేను కట్టమని చెప్పే అంకె అదే.

బోనస్ దగ్గర నేను అంత ధీమాగా మాట్లాడలేను. శిక్షణ కంపెనీ తన పని కోసం పెట్టిన ఖర్చు. బోనస్ నిజంగా ఆమె ఖాతాలో పడిన డబ్బు. కాయితంలో ‘ఇది పద్దెనిమిది నెలలు పూర్తయితేనే మీ సొంతం, అప్పటిదాకా అడ్వాన్సు’ అని రాసి ఉంటే, ఒప్పందం తప్పినందుకు వేసిన జరిమానాలా కాక, షరతు తీరని డబ్బు వెనక్కి అడిగినట్టవుతుంది. అప్పుడు 74వ సెక్షను కత్తి మొద్దుబారుతుంది. ‘మానేస్తే 1,20,000 చెల్లించాలి’ అని మాత్రమే ఉంటే వాటా వాదనకు చోటుంది: పద్దెనిమిదిలో మూడు నెలలు మిగిలాయి, ఇరవై వేలు. ఒక్క క్రియాపదం మీద లక్ష రూపాయలు వేలాడుతున్నాయన్నమాట. అందుకే ఆఫర్ లెటరు వచ్చిన రోజే ‘నెలనెలా తగ్గుతూ’ అనే మాట చేర్చమని అడగాలి. అడిగితే పది కంపెనీల్లో రెండో మూడో ఒప్పుకుంటాయని నా అనుభవం. అడగకపోతే ఒక్కటీ ఒప్పుకోదు.

బోనస్‌లో ఇంకో చిక్కుంది, దాని గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు. ముప్ఫై శాతం శ్లాబులో ఉన్న సీనియర్ ఇంజనీరుకు ఆరు లక్షలు బోనస్ ఇచ్చారనుకోండి. సెస్సుతో కలిపి 1,87,200 టీడీఎస్ పోయి, చేతికి 4,12,800 వచ్చింది. ఏప్రిల్ దాటాక మానేశాడు. కంపెనీ ఆరు లక్షలూ అడుగుతుంది. తన చేతికి రాని డబ్బు తను కట్టాలి! అదే ఆర్థిక సంవత్సరంలో అయితే పేరోల్‌లో సవరించి టీడీఎస్ సర్దుబాటు చేయొచ్చు. సంవత్సరం మారాక పన్ను ప్రభుత్వం దగ్గరికి వెళ్లిపోయింది, టీడీఎస్ సర్టిఫికెట్ కూడా వచ్చేసింది. నోటీసు పే వసూలు విషయంలో కొన్ని ట్రైబ్యునల్ తీర్పులు ఉద్యోగి వైపే ఉన్నాయి. కానీ రిటర్నులో అలా చూపించి ఆఫీసరుతో వాదించే ఓపిక ఎంతమందికి ఉంటుంది? ‘చేతికి వచ్చిన మొత్తం’ అనే మాట ఒప్పందంలో ఉంటే ఈ బాధ లేదు. మానేసే తేదీ మీ చేతిలో ఉంటే మార్చి లోపు చూసుకోండి. ఇక బాండు సొమ్ము మీద జీఎస్టీ కలిపి అడిగే కంపెనీలు ఇంకా ఉన్నాయి. అక్కర్లేదని 2022 ఆగస్టు 3 నాటి 178వ నంబరు సర్క్యులర్లో పరోక్ష పన్నుల బోర్డే చెప్పింది.

కంపెనీ కోర్టుకు వెళ్లడం అరుదు. దావా వేస్తే కోర్టు ఫీజు, సాక్షి, బిల్లులు, ఏళ్లు. అందుకే చేతిలో ఉన్నవాటిని బిగబట్టుకుంటుంది: ఆఖరి జీతం, రిలీవింగ్ లెటరు, ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు. అసలు పోరాటం ఇక్కడే.

జీతం సంగతి. పాత వేతన చెల్లింపు చట్టం నెలకు 24,000 లోపు వాళ్లకే వర్తించేది, మన ఐటీ పిల్లలకు అది దొరికేది కాదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌కు కోతల విషయంలో ఆ పరిమితి లేదు. రాజీనామా చేసినవారి వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలంటుంది. జీతంలోంచి ఏయే కోతలు పెట్టొచ్చో 18వ సెక్షను జాబితా ఇస్తుంది. అడ్వాన్సులు అందులో ఉన్నాయి, శిక్షణ బాండు అనే పేరు లేదు. మొత్తం కోతలు వేతనంలో సగానికి మించకూడదు. అంటే బోనస్‌ను అడ్వాన్సని రాసుకున్న కంపెనీకి కొంత దారి ఉంది, బాండు సొమ్మును నేరుగా జీతంలోంచి లాగేసుకునే దారి కనిపించదు. పీఎఫ్ సొమ్ము కంపెనీది కాదు, దాని మీద చెయ్యి వేయలేరు. గ్రాట్యుటీని ఆపడానికి చట్టంలో చెప్పిన కారణాలు వేరు, బాండు తప్పడం వాటిలో లేదు.

సర్టిఫికెట్లు తాకట్టు వస్తువులు కావు. ఇవ్వకపోతే ముందు లిఖితపూర్వకంగా అడగాలి. ఫోన్లో అడిగితే లాభం లేదు.

చెక్కు దగ్గర మాత్రం జాగ్రత్త. ‘సెక్యూరిటీ కోసమే ఇచ్చాను’ అన్నంత మాత్రాన తప్పించుకోలేరు. చెక్కు బ్యాంకులో వేసిన రోజున చట్టబద్ధమైన బాకీ ఉందా, ఎంత ఉంది అన్నదే చూస్తారు. ముప్ఫై ఆరు వేలే బాకీ అయినప్పుడు మూడు లక్షలకు చెక్కు నింపి వేస్తే ఆ చెక్కు బాకీకి సరిపోలదన్నది మన వాదన. కానీ ఆ వాదన మొదలుపెట్టాల్సింది కోర్టులో కాదు. చెక్కు తిరిగొచ్చాక కంపెనీ పంపే నోటీసు అందిన పదిహేను రోజుల్లో. మా ఆఫీసుకు వచ్చేవాళ్లలో చాలామంది ఆ నోటీసును అమ్మానాన్నలకు తెలుస్తుందని బీరువాలో దాచి, సమన్లు వచ్చాక వస్తారు.

ఒక్క మాట అమెరికా గురించి కూడా. ఈ హాల్లో ప్రతి రెండో ఇంట్లో అక్కడ ఎవరో ఒకరు ఉంటారు. హెచ్‌1బీ మీద పంపిన కన్సల్టెన్సీలు మధ్యలో మానేసిన పిల్లల్ని ‘వీసా ఖర్చు కట్టు’ అని బెదిరిస్తుంటాయి. అక్కడి కార్మిక శాఖ నిబంధనల ప్రకారం యజమాని పెట్టుకోవాల్సిన పిటిషన్ ఫీజు, దాని లాయరు ఫీజు ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు. ముందే మానేసినందుకు జరిమానా వేయకూడదు. నిజమైన నష్టపరిహారమైతే మాత్రం ఆ రాష్ట్ర చట్టం ప్రకారం కుదరొచ్చు. కాలిఫోర్నియా 2026 జనవరి 1 నుంచి కుదిరే ఒప్పందాల్లో ఈ ‘ఉండు లేదా కట్టు’ షరతుల్ని చాలామటుకు నిషేధించింది. చేరే బోనస్‌కు మాత్రం వెసులుబాటు ఉంచింది, అదీ షరతులతో: వేరే కాయితం మీద రాయాలి, లాయరును అడగడానికి ఐదు పనిదినాలు ఇవ్వాలి, రెండేళ్లకు మించకూడదు, పనిచేసిన కాలానికి తగ్గట్టు తగ్గాలి, వడ్డీ ఉండకూడదు. మన ఆఫర్ లెటర్లో ‘నెలనెలా తగ్గుతూ’ అనే మాట కోసం నేను బతిమాలుతున్నానే, వాళ్లు దాన్ని చట్టంలోనే రాసేశారు.

ఆ మొదటి దావా సంగతి చెబుతానన్నాను. తీర్పుకు ముందే రాజీ అయింది. సార్ ఫైలంతా తిరగేస్తే ఒక్క నిజమైన బిల్లు కనిపించింది: కుర్రాడు రాసిన సర్టిఫికేషన్ పరీక్షకు కంపెనీ బయట కట్టిన ఫీజు, తొమ్మిది వేల ఆరు వందలు. “ఇది మాత్రం కట్టాల్సిందే” అన్నారు. “మనం గెలుస్తున్నాం కదా సార్” అన్నాను. “ఆ సర్టిఫికెట్ ఎవరి దగ్గరుంది?” అన్నారు. కుర్రాడి దగ్గరే ఉంది, కొత్త ఉద్యోగం దాన్ని చూపించే తెచ్చుకున్నాడు. డ్రైవరుగారు డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే కోర్టుకు వచ్చి, వంద నోట్లు లెక్కపెట్టి ఇచ్చారు. కంపెనీ గుమాస్తా రసీదు మీద ‘బాండు సొమ్ము, పాక్షికం’ అని రాయబోతే సార్ పెన్ను పట్టుకుని ఆపారు. కొట్టేయించి ‘పరీక్ష ఫీజు, పూర్తిగా ముట్టినది’ అని రాయించి, పక్కన సంతకం పెట్టించారు.